‘45 శాతం’ అంటే ఎంతండీ?

ఆడిటర్ ఆఫీసుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. అడ్వాన్స్ టాక్స్ వాయిదా దగ్గర పడిందని క్లయింట్లకు గుర్తు చేసేటప్పుడు శాతం రాయాలి, సెక్షన్ రాయాలి, కట్టకపోతే వడ్డీ పడుతుందని హెచ్చరించాలి. ఎంత కట్టాలో మాత్రం రాయకూడదు. ఎందుకని అడిగితే కారణాలు సిద్ధంగా ఉంటాయి. ఆదాయం ఎంతొస్తుందో అంచనా వేసుకోవాల్సింది క్లయింటు, మనం కాదు. అంకె రాసి అది తప్పితే రేపు మన మెడకు చుట్టుకుంటుంది. వందల మందికి విడివిడిగా లెక్క కట్టి పంపడం అయ్యే పని కాదు. పైగా ఏం రాసినా వాళ్లు చదవరు, ఆఖరి రోజు ఫోన్ చేసి ‘ఎంతండీ?’ అంటారు.

ఇందులో చివరి మాట నిజమే. కానీ ఏటా నాలుగుసార్లు అందరూ అదే ప్రశ్న అడుగుతున్నారంటే, పంపిన సందేశంలో ఆ ఒక్క ముక్కే లేదన్నమాట. లోపం చదివేవాడిది కాదు, రాసినవాడిది. మిగతా మూడు కారణాలూ పరీక్షకు నిలవవు. ఒక్క వాయిదాను, ఒక్క వ్యాపారి లెక్కను దగ్గరగా పట్టుకుని చూస్తే ఇది తేలిపోతుంది.

ముందు మామూలుగా వెళ్లే సందేశం ఎలా ఉంటుందో చూద్దాం. 2025 సెప్టెంబరు వాయిదాకు వెళ్లే నమూనా ఇది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే.

“గౌరవనీయులైన క్లయింట్లకు: ఆదాయపు పన్ను చట్టం 1961, సెక్షన్లు 207 నుంచి 211 వరకు గల నిబంధనల మేరకు అడ్వాన్స్ టాక్స్ రెండవ వాయిదా (45%) గడువు సమీపిస్తున్నందున, వర్తించే పన్ను చెల్లింపుదారులు తమ అంచనా పన్నుపై తగిన మొత్తాన్ని సకాలంలో చెల్లించి, సెక్షన్లు 234బి, 234సి కింద వడ్డీని నివారించుకోవలసిందిగా మనవి. ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ సందేశాన్ని విస్మరించగలరు.”

వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. చట్టరీత్యా తప్పు కూడా లేదు. అయితే తేదీ ఎక్కడుంది? ‘సమీపిస్తున్న గడువు’ ఉంది, 15 అనే అంకె లేదు. రాసిన గుమస్తాకు అది కంఠోపాఠం కాబట్టి రాయాలని తోచలేదు. ‘వర్తించే పన్ను చెల్లింపుదారులు’ ఎవరు? అది తేల్చమని క్లయింటుకే వదిలేశారు. 45 శాతం దేని మీద? చెప్పలేదు. అన్నిటికంటే ప్రమాదకరం చివరి వాక్యం. ‘ఇప్పటికే చెల్లించి ఉంటే’ అన్నారు. జూన్‌లో మొదటి వాయిదా కట్టిన మనిషి ఇది చదివి, ‘మనం కట్టేశాం కదా’ అని నిశ్చింతగా ఫోన్ పక్కన పెడతాడు. ఆయన తప్పు చదవలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాడు.

ఇప్పుడు ఈ సందేశాన్ని ఒక వ్యాపారి చేతిలో పెట్టి చూద్దాం. లెక్క కోసం కల్పించుకున్న మనిషే గానీ, ఇలాంటివారు ప్రతి ఆఫీసు జాబితాలోనూ ఉంటారు. వరంగల్‌లో పైపులు, మోటార్లు టోకున అమ్ముతారు. సొంత పేరు మీదే వ్యాపారం, టర్నోవర్ 4 కోట్లు. లావాదేవీలన్నీ దాదాపు బ్యాంకు ద్వారానే కాబట్టి టాక్స్ ఆడిట్ అవసరం లేదు. టర్నోవర్ 3 కోట్లు దాటింది కాబట్టి నిర్ణీత శాతం లాభం చూపించి మార్చిలో ఒకేసారి కట్టే సదుపాయం కూడా లేదు. నాలుగు వాయిదాలూ కట్టాల్సిందే. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు, డిపాజిట్ల వడ్డీతో కలిపి పన్ను పడే ఆదాయం 20 లక్షలు ఉంటుందని జూన్‌లో ఆయనే అంచనా చెప్పారు. కొత్త పన్ను విధానంలో దానికి పన్ను 2,00,000, నాలుగు శాతం సెస్ 8,000, మొత్తం 2,08,000 రూపాయలు. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ మీద 8,000 టీడీఎస్ కట్ అవుతుంది. ఆయన చేత్తో కట్టాల్సింది 2,00,000. జూన్ 15 వాయిదాకు అందులో 15 శాతం, అంటే 30,000 కట్టేశారు.

‘రెండవ వాయిదా 45%’ అన్న మాటను ఈయన ఎన్ని రకాలుగా చదవచ్చో చూడండి. జూన్‌లో 15 అయింది, ఇప్పుడు మరో 45 అనుకుంటే 90,000 కట్టేస్తారు. నిజానికి 45 శాతం అనేది అప్పటిదాకా కట్టినదంతా కలిపి చేరాల్సిన మెట్టు. జూన్‌లో కట్టిన 30,000 పోను ఇప్పుడు 60,000 చాలు. ఎక్కువ కట్టిన 30,000 ఎక్కడికీ పోదు, డిసెంబరు వాయిదాలో కలుస్తుంది. కానీ రబీ సరుకుకు కంపెనీలకు డబ్బు పంపాల్సిన రోజుల్లో ఆ ముప్పై వేలు చేతిలో ఉండవు.

రెండో రకం చదువు ఇంతకంటే చేటు. ‘అంచనా పన్ను’ అంటే ఇప్పటిదాకా వచ్చిన ఆదాయం మీద పన్ను అనుకునేవాళ్లు చాలామంది. ఆరు నెలలకు 10 లక్షలు వచ్చింది. 12 లక్షల దాకా పన్ను లేదని ఆ ఏటి బడ్జెట్ తర్వాత ఊరూవాడా మోగిపోయింది. కాబట్టి ఈసారి కట్టాల్సింది సున్నా అని తేల్చుకుంటారు. ఆ తర్కంలో ప్రతి మెట్టూ సబబుగానే కనిపిస్తుంది. ఏడాది మొత్తానికి వచ్చే ఆదాయాన్ని ముందే ఊహించి దాని మీద పన్ను లెక్కకట్టాలన్న ఒక్క సంగతి సందేశంలో లేకపోవడమే కారణం.

సరే, అదే మనిషికి ఆఫీసు ఇలా రాసి ఉంటే?

“నమస్కారం … గారూ,

సెప్టెంబరు 15, సోమవారం లోపు మీరు కట్టాల్సిన అడ్వాన్స్ టాక్స్: రూ.60,000.

13 రెండో శనివారం, 14 ఆదివారం. బ్యాంకుకు వెళ్లి కట్టేటట్టయితే 12, శుక్రవారం కట్టేయండి.

లెక్క: ఈ ఏడాది మీ ఆదాయం 20 లక్షలు ఉంటుందని జూన్‌లో చెప్పారు. టీడీఎస్ పోను ఏడాదికి కట్టాల్సిన పన్ను 2,00,000. సెప్టెంబరు 15 నాటికి అందులో 90,000 పూర్తి కావాలి. జూన్‌లో 30,000 కట్టారు. మిగిలింది 60,000.

ఈ ఏడాది ఆదాయం 21 లక్షలు దాటేలా ఉన్నా, బాగా తగ్గేలా ఉన్నా 10వ తేదీ లోపు చెప్పండి. లెక్క మార్చి పంపుతాం.

కట్టేటప్పుడు e-Pay Tax లో Assessment Year: 2026-27, Advance Tax (100) ఎంచుకోండి.

16న కడితే సుమారు రూ.1,800 వడ్డీ పడుతుంది.

ఇది రిటర్న్ గడువు గురించి కాదు. దాని గురించి విడిగా రాశాం.

కట్టాక చలాన్ పంపండి.”

ఇందులో సెక్షన్ నంబరు ఒక్కటీ లేదు, ఎవరికీ ఆ లోటు తెలియదు. మొదటి వాక్యంలోనే తేదీ, వారం, మొత్తం వచ్చేశాయి. అక్కడితో చదవడం ఆపేసినా పని జరిగిపోతుంది. లెక్క ఎలా వచ్చిందో కింద ఉంది. ఆయన గుమస్తా కూడా దాన్ని సరిచూడగలడు. ఆదాయం అంచనా తప్పితే ఏ అంకె దగ్గర నోరు విప్పాలో రాసి ఉంది. ‘మార్పులుంటే తెలియజేయగలరు’ అంటే ఎవరూ తెలియజేయరు. ‘21 లక్షలు దాటితే’ అంటే తమ అమ్మకాల పుస్తకం ఒకసారి తిప్పి చూస్తారు.

మొత్తం రాయకూడదనేవారి మొదటి వాదన ఇక్కడే పరీక్షకు వస్తుంది. అంచనా తప్పితే ఎలా అంటారు. తప్పుతుందని చట్టానికీ తెలుసు. అందుకే మొదటి రెండు వాయిదాలకు వెసులుబాటు ఇచ్చింది. జూన్‌కు 15 శాతం కట్టమన్నా, అసలు పన్నులో 12 శాతం కట్టి ఉంటే 234సి వడ్డీ వేయరు. సెప్టెంబరుకు 45 అన్నా 36 శాతం కట్టి ఉంటే వడ్డీ లేదు. మన వ్యాపారి సెప్టెంబరు 15 నాటికి కట్టేది 90,000. అది ఎంత పన్నుకు 36 శాతం అవుతుంది? 2,50,000కు. అంటే ఏడాది చివర ఆయన కట్టాల్సిన పన్ను 2,00,000 బదులు 2,50,000గా తేలినా, ఈ వాయిదాకు ఒక్క రూపాయి వడ్డీ పడదు. జూన్‌లో కట్టిన 30,000 కూడా 2,50,000లో సరిగ్గా 12 శాతమే. అంకె రాస్తే తప్పుతుందని భయపడేవాళ్లు, ఆ తప్పుకు చట్టమే కేటాయించిన చోటును లెక్కలోకి తీసుకోవడం లేదు.

అయితే ఈ వెసులుబాటు పన్నులో ఉంది, ఆదాయంలో కాదు. ఇది మరిచిపోకూడదు. 20 లక్షలు దాటిన ఆదాయం మీద 25 శాతం పన్ను కాబట్టి, ఆదాయం సుమారు 21 లక్షల 92 వేలకు చేరేసరికే పన్ను ఆ 2,50,000 హద్దు తాకుతుంది. ఆదాయం పదో వంతు కూడా పెరగకముందే పన్ను నాలుగో వంతు పెరిగిందన్నమాట. సందేశంలో హద్దును 22 లక్షలని కాకుండా 21 లక్షలని పెట్టింది ఇందుకే. ఈ లెక్క చేయగలిగేది ఆడిటరే. ‘అంచనా మీదే’ అని వ్యాపారి మీదకు నెట్టేస్తే, ఆయనకు 36 శాతం సంగతీ తెలియదు, 25 శాతం శ్లాబు దాన్ని ఎంత తొందరగా మింగేస్తుందో అసలే తెలియదు.

డిసెంబరు వాయిదాకు ఈ వెసులుబాటు లేదు. ఆ నెల 15కు 75 శాతం నిండాలి, మార్చి 15కు నూరు శాతం. కాబట్టి డిసెంబరు సందేశానికి ముందు అంచనాను కొత్తగా అడిగి తీసుకోవాల్సిందే. జూన్‌లో చెప్పిన అంకెను అప్పుడు కూడా మోసుకొస్తే తప్పు ఆఫీసుదే. అంటే అంచనా కచ్చితంగా ఉండాల్సిన సమయానికి వ్యాపారి చేతిలో ఎనిమిది నెలల పుస్తకాలుంటాయి. అంచనా ఊహగా ఉండే నెలల్లో చట్టం ఉదారంగా ఉంటుంది. మొత్తం రాయడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఎక్కడుంటుంది?

రెండో వాదన బాధ్యత గురించి. అంకె రాస్తే మాట మన మీదకు వస్తుందంటారు. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. క్లయింటు జూలైలో వచ్చి వడ్డీ ఎందుకు పడిందని నిలదీస్తే ఏ ఆఫీసుకైనా ఇబ్బందే. అయితే ఆ రోజు బల్ల మీద ఏ కాగితం ఉంటే మేలో ఆలోచించండి. ‘తగిన మొత్తాన్ని సకాలంలో’ అన్న సందేశం చూపిస్తే, ‘తగినదంటే ఎంతో మీరు చెప్పలేదుగా’ అంటాడు. మాట అక్కడితో తెగదు. ‘ఆదాయం 20 లక్షలని జూన్‌లో చెప్పారు, 21 దాటితే 10వ తేదీ లోపు చెప్పమన్నాం’ అన్న సందేశం చూపిస్తే, అంచనా ఎవరిదో, దాని మీద లెక్క ఎవరిదో, మారితే చెప్పాల్సింది ఎవరో తేదీతో సహా కనిపిస్తుంది. అంచనా క్లయింటుదే అన్న న్యాయమైన మాటను నిలబెట్టేది రెండో కాగితమే. మొదటిదాంట్లో ఆ మాట కూడా లేదు.

సెక్షన్ల ప్రస్తావన రక్షణ అనుకోవడమూ ఇలాంటిదే. 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ పోయి టాక్స్ ఇయర్ వచ్చింది, సెక్షన్ నంబర్లన్నీ మారాయి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీలు మాత్రం మారలేదు. సెక్షన్ల చుట్టూ అల్లిన సందేశం మొత్తం తిరగరాసుకోవాలి. తేదీ, మొత్తం చుట్టూ రాసినదాంట్లో చలాన్ గురించిన వాక్యం ఒక్కటి సరిదిద్దుకుంటే చాలు.

మూడోది, వందల మందికి విడిగా రాయలేమనడం. రాయనక్కర్లేదు. కావాల్సినవి మూడంకెలు: ఏడాది పన్ను అంచనా, టీడీఎస్, ఇప్పటిదాకా కట్టింది. మొదటిదానికి నిరుటి కంప్యూటేషన్, క్లయింటు చెప్పిన మార్పు ఉన్నాయి. రెండోదాన్ని 26ఏఎస్ చూసి అంచనా వేయొచ్చు. మూడోది జూన్ చలాన్. ఈ మూడూ ఎక్సెల్ షీట్‌లో B, C, D గళ్లలో ఉంటే సెప్టెంబరులో కట్టాల్సిన మొత్తం ఇలా వస్తుంది.

```
=MAX(0,ROUNDUP((B2-C2)*45%-D2,-1))
```

మన వ్యాపారికి 60,000 వస్తుంది. ఆ గడిని సందేశంలోకి లాగే పని మెయిల్ మెర్జ్ చేస్తుంది. డిసెంబరుకు B గడిలో కొత్త అంచనా పెట్టి, D గడిలో సెప్టెంబరు చలాన్ కూడా కలిపి, 45ను 75 చేస్తే సరిపోతుంది. అసలు శ్రమ షీట్‌లో కాదు, జాబితా వడకట్టడంలో ఉంది. టీడీఎస్ పోను ఏడాది పన్ను 10,000 లోపు ఉండేవారికి అడ్వాన్స్ టాక్స్ లేదు. అరవై దాటి, ఇక్కడే నివాసముంటూ, వ్యాపార ఆదాయం లేనివారికి లేదు. నిర్ణీత శాతం లాభం చూపించే చిన్న వ్యాపారులకు, డాక్టర్లు, వకీళ్ల వంటివారికి మార్చి వాయిదా ఒక్కటే. ‘వర్తించే పన్ను చెల్లింపుదారులు’ అని అందరికీ ఒకే సందేశం కొడితే, పెన్షన్ మీద బతికే పెద్దాయన కంగారుపడి ఫోన్ చేస్తారు, కట్టాల్సిన వ్యాపారి మాత్రం ఇది తనకు కాదేమో అనుకుంటాడు. ఆ వడపోత ఆఫీసులో ఒకసారి జరిగితే సరి. జరగకపోతే క్లయింట్ల ఇళ్లలో అన్నిసార్లు జరగాలి, అదీ చట్టం తెలియని చేతుల్లో.

ఇక తేదీ సంగతి. ‘సకాలంలో’ అన్న మాటకు 2025 సెప్టెంబరు మంచి గుణపాఠం చెప్పింది. ఆ ఏడాది ఆడిట్ అవసరం లేనివారి రిటర్న్ గడువును జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు. అడ్వాన్స్ టాక్స్ రెండో వాయిదా కూడా అదే రోజు. పోర్టల్ మొరాయిస్తోందని అన్ని వైపుల నుంచీ ఫిర్యాదులు వచ్చాయి. చివరికి ఆ రాత్రి రిటర్న్ గడువును ఇంకొక్క రోజు, 16 దాకా పెంచారు. పెంచింది రిటర్న్‌కే, అడ్వాన్స్ టాక్స్‌కు కాదు. ‘గడువు పెరిగింది’ అన్న వార్త టీవీలో విన్న వ్యాపారికి ఈ తేడా ఎలా తెలియాలి? ఆయనకు వచ్చిన సందేశంలో తేదీయే లేదు కదా!

16న 60,000 కట్టాడనుకుందాం. ఆలస్యం ఒక్క రోజు, వడ్డీ మాత్రం మూడు నెలలకు. 234సి లెక్క రోజులను చూడదు. 15వ తేదీ ముగిసేసరికి 90,000లో ఎంత తగ్గిందో చూసి, ఆ 60,000 మీద నెలకు ఒక శాతం చొప్పున మూడు నెలలకు 1,800 వేస్తుంది. 16న కట్టినా, డిసెంబరు 14న కట్టినా ఇదే మొత్తం. ‘ఆలస్యమైతే వడ్డీ వర్తిస్తుంది’ అని రాస్తే ఎవరైనా ఒక రోజుకు ఎంతలే అనుకుంటారు. రూపాయల్లో రాస్తే అనుకోరు.

అదే రోజు రెండు గడువులు కలవడం వల్ల ఇంకో పొరపాటుకు దారి ఏర్పడింది. రిటర్న్ నిరుటి ఆదాయానిది, దాని అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. అడ్వాన్స్ టాక్స్ ఈ ఏటిది, దానికి 2026-27. రిటర్న్‌కు ముందు బాకీ పన్ను కట్టేవారు Self-Assessment Tax (300) ఎంచుకుంటారు. అదే వరసలో అడ్వాన్స్ టాక్స్ కూడా 2025-26 కింద కట్టేస్తే, డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది గానీ ఈ ఏటి ఖాతాలో పడదు. దిద్దుకునే వీలుంది, దానికీ గడువుంది. తప్పు జరిగిందని తెలిసేది మాత్రం చాలాసార్లు మరుసటి ఏడాది రిటర్న్ వేసేటప్పుడే. కొత్త సందేశంలో స్క్రీన్ మీద కనిపించే ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసిందీ, కట్టిన చలాన్ పంపమన్నదీ ఇందుకే. చలాన్ మీద ఏడాది, కోడ్ చూడటానికి అర నిమిషం పట్టదు.

మొత్తం రాయలేని సందర్భాలు లేవా? ఉన్నాయి. కొత్తగా చేరిన క్లయింటు, పుస్తకాలు ఇవ్వనివాడు, వ్యాపారం తలకిందులైనవాడు. అలాంటి చోట అంకె ఊహించి రాయమని నేననను. అప్పుడు పంపాల్సింది గుర్తుచేసే సందేశం కాదు, ప్రశ్న: “మీ అంచనా మా దగ్గర లేదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అమ్మకాలు, సుమారు లాభం, ఇతర ఆదాయం 5వ తేదీ లోపు చెప్పండి. 8న మొత్తం పంపుతాం.” అలాగే స్థలమో షేర్లో అమ్మితే వచ్చే లాభాన్ని ఎవరూ ముందే ఊహించలేరు. అమ్మిన తర్వాత మిగిలిన వాయిదాల్లో ఆ పన్ను కట్టేస్తే, అంతకు ముందు వాయిదాలకు దాని మీద వడ్డీ వేయరు. ‘అమ్మిన నెలలోనే చెప్పండి’ అన్న ఒక్క వాక్యం అందుకు చాలు.

ఇన్ని చెప్పినా ‘మొత్తం రాయడం కుదరదు’ అనే ఆఫీసులుంటాయి. వాటిని ఒక్కటే అడగాలి. సెప్టెంబరు మొదటి వారంలో ఆ వ్యాపారే నేరుగా వచ్చి ‘ఎంత కట్టమంటారు?’ అంటే ఏం చెబుతారు? ఫైలు తీసి, పది నిమిషాల్లో లెక్క కట్టి, ‘అరవై వేలు కట్టేయండి’ అంటారు. అప్పుడు బాధ్యత గుర్తు రాదు, అంచనా ఎవరిదన్న సందేహమూ రాదు. నోటితో చెప్పగలిగింది రాతలో చెప్పలేకపోతున్నారంటే, అడ్డం పడుతున్నది చట్టం కాదు. ఆ పది నిమిషాల లెక్క సందేశం వెళ్లేనాటికి జరగలేదు, వచ్చి అడిగినవారికే జరుగుతోంది. అడగనివారి లెక్క మరుసటి జూలైలో, వడ్డీతో కలిపి జరుగుతుంది. ఫీజు మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకుంటున్నాం.